బిడియపడే పిల్ల, రిలే పందెం: పిల్లల కథను దశలవారీగా రాయడం

బిడియపడే పిల్లకు ఆటల పోటీలో ధైర్యం వచ్చినట్టు కథ రాయాలని బడి పత్రికలు నడిపే టీచర్లు, బాలల కథల పోటీలకు పంపేవాళ్లు తరచూ అడుగుతుంటారు. ఇలాంటి కథలు చాలావరకు ఒకేచోట కూలబడతాయి. పిల్ల మొదట నోరు విప్పదు. తర్వాత పరుగెత్తుతుంది, గెలుస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, బిడియం పోతుంది. పరుగెత్తడానికీ మాట్లాడటానికీ సంబంధం ఏమిటో కథలో ఎక్కడా దొరకదు. రిలే తీసేసి లాంగ్‌జంప్ పెట్టినా అదే కథ అవుతుంది.

నిజానికి ఆ సంబంధం రిలేలోనే ఉంది. బ్యాటన్ అందుకోవాల్సిన పిల్ల పరుగు మొదలుపెట్టాక వెనక్కి చూడదు, ముందుకే చూస్తూ పరుగెత్తుతుంది. వెనకనుంచి వచ్చే పిల్ల దగ్గరికి రాగానే ఒక మాట గట్టిగా అరవాలి: "చెయ్యి!" అది వినబడితేనే ముందున్న పిల్ల చేయి వెనక్కి చాస్తుంది. వినబడకపోతే చేయి రాదు. బిడియపడే పిల్లకు అసలు గండం ఆ ఒక్క అరుపే. కథంతా దాని చుట్టూ కట్టండి.

ఇక్కడ ఒకే కథను మొదటినుంచి కడుతూ వెళదాం. ఆరో తరగతి స్రవంతి, ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు, జనవరి 26 కోసం జరిగే ఆటల పోటీలు. చదివేవాళ్లు 8 నుంచి 11 ఏళ్ల పిల్లలు. నిడివి దాదాపు 900 మాటలు.

## 1. కలం పట్టకముందు: మైదానం గీసుకోండి

కాగితం మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక ట్రాక్ గీయండి. మన హైస్కూలు మైదానాల్లో 400 మీటర్ల ట్రాక్‌కు చోటుండదు. సున్నంతో 200 మీటర్ల ట్రాక్ గీశారనుకుందాం. పందెం 4×100, అంటే నలుగురు పిల్లలు తలా 100 మీటర్లు. ఒక్కొక్కరిది సగం చుట్టు, మొత్తం రెండు చుట్లు.

ట్రాక్‌కు ఒకవైపు 'అ' అని, సరిగ్గా ఎదురుగా 'ఆ' అని రాసుకోండి. మొదటి పిల్ల 'అ' దగ్గర మొదలై 'ఆ' చేరుతుంది. రెండో పిల్ల 'ఆ' నుంచి 'అ'కు వస్తుంది. మూడో పిల్ల మళ్లీ 'అ' నుంచి 'ఆ'కు. నాలుగో పిల్ల 'ఆ' నుంచి వచ్చి 'అ' దగ్గర ముగిస్తుంది.

ఈ బొమ్మ లేకుండా రాస్తే కథలో మనుషులు ఉండకూడని చోట ఉంటారు. బొమ్మ ఉంటే రాయాల్సిన విషయాలు కొన్ని దానంతట అవే దొరుకుతాయి. మూడో పిల్ల మొదటి పిల్ల దగ్గర్లోనే నిలబడి విజిల్ వింటుంది. రెండో పిల్ల బ్యాటన్ అందుకోవడం మాత్రం ఆమెకు మైదానానికి అవతల, చిన్నగా కనబడుతుంది. తన వంతు పరుగు అయ్యేసరికి ముగింపు గీతకు ఎదుటివైపున ఉంటుంది. ఎవరు గెలిచారో ఆమెకు అక్కడినుంచి సరిగా కనబడదు. ఈ చివరి విషయం కథ ముగింపులో పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

తర్వాత ఈ నియమాలు ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టుకోండి. కథలో అన్నీ చెప్పక్కర్లేదు, కానీ ఏదీ తప్పకూడదు.

- బ్యాటన్ బోలుగా ఉండే నున్నటి గొట్టం. పొడవు 28 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు 50 గ్రాములకు తగ్గదు. బడిలో అది పీవీసీ పైపు ముక్క కావచ్చు.
- బ్యాటన్ చేతులు మారాల్సింది రెండు గీతల మధ్యనే. 2017 చివర్లో మారిన అంతర్జాతీయ నియమం ప్రకారం 4×100లో ఆ జాగా 30 మీటర్లు. పిల్లలు ఎక్కడున్నారన్నది లెక్కలోకి రాదు, బ్యాటన్ ఎక్కడుందన్నదే లెక్క.
- మొదటి పిల్ల కుడిచేత్తో పట్టుకుంటుంది, రెండో పిల్ల ఎడమచేత్తో, మూడో పిల్ల కుడిచేత్తో, నాలుగో పిల్ల ఎడమచేత్తో. పరుగు మధ్యలో చేయి మార్చుకోకుండా ఉండేందుకే ఈ వరస.
- బ్యాటన్ కింద పడినంత మాత్రాన జట్టు పోటీలోంచి పోదు. ఎవరి చేతిలోంచి జారిందో వాళ్లే తీసుకుని, వేరే జట్టుకు అడ్డం పడకుండా, దూరం తగ్గించుకోకుండా పరుగు కొనసాగించవచ్చు.
- బ్యాటన్ చేతిలో పెట్టాలి, విసరకూడదు.

ఇంకో పని. ఇంట్లో 30 సెంటీమీటర్ల కర్రో, చపాతీ కర్రో పట్టుకుని ఇంకొకరి వెనక నడుస్తూ "చెయ్యి" అని చెప్పి అందించి చూడండి. అవతలివాళ్ల అరచేయి ఎటు తిరిగింది, కర్ర ఎక్కడ తగిలింది, పట్టు ఎప్పుడు వదలాలో తెలియక ఏమైంది అన్నది చేతికి తెలుస్తుంది. ఆ తెలిసింది వాక్యాల్లోకి వస్తుంది.

## 2. పిల్లకు ఎన్నో స్థానం ఇవ్వాలి

చాలామంది తమ కథానాయికను చివరి స్థానంలో నిలబెడతారు. గీత దాటేది ఆమే కాబట్టి అదే గొప్ప స్థానమనుకుంటారు. ఈ కథకు అది పనికిరాదు. చివరి పిల్ల బ్యాటన్ అందుకుంటుందే తప్ప ఎవరికీ ఇవ్వదు. ఎవర్నీ పిలవదు. ఆమె నోరు విప్పకుండానే పందెం అయిపోతుంది.

మొదటి స్థానంలో అరుపు ఉంటుంది గానీ అందుకోవడం ఉండదు. రెండు, మూడు స్థానాల్లో రెండూ ఉంటాయి. వీటిలో మూడోది మేలు. అప్పటిదాకా ఇద్దరి కష్టం చేతిలోకి వచ్చి ఉంటుంది, తర్వాత ఒక్కరే మిగిలి ఉంటారు. పొరపాటు జరిగితే సరిదిద్దుకోవడానికి వ్యవధి తక్కువ.

మూడోవాళ్లనుంచి నాలుగోవాళ్లకు మారేచోట ఆరితేరినవాళ్లే తడబడ్డ సందర్భాలున్నాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ 4×100 తొలి రౌండైన హీట్స్‌లోనే బ్యాటన్ జారవిడిచి బయటికి వెళ్లాయి. రెండుసార్లూ జరిగింది సరిగ్గా ఆ మార్పిడిలోనే. కాబట్టి అక్కడ ఆరో తరగతి పిల్లకు గుండె దడదడలాడిందని రాస్తే అది అతిశయోక్తి కాదు.

మన కథలో వరస: మేరీ, పావని, స్రవంతి, రేష్మ. రేష్మ జట్టులోకెల్లా వేగంగా పరుగెత్తే పిల్ల. స్రవంతి గొంతు చేరాల్సింది ఆమెకే.

## 3. మొదటి సన్నివేశం: బిడియాన్ని పేరు పెట్టకుండా చూపండి (120 మాటలు)

"స్రవంతి చాలా బిడియస్తురాలు. ఎవరితోనూ మాట్లాడేది కాదు." ఈ రెండు వాక్యాలు చదివిన పిల్లకు ఏ బొమ్మా కనబడదు. బిడియం వల్ల ఏదో ఒక చిన్న నష్టం జరగాలి. ఆ నష్టం గొంతుకు సంబంధించినదై ఉండాలి, ఎందుకంటే చివర్లో తీరాల్సింది అదే. బడిలో అలాంటిది రోజూ జరిగేచోటు హాజరు:

> "స్రవంతీ."
>
> "ప్రెజెంట్ సార్."
>
> లెక్కల సారు తలెత్తారు. "స్రవంతి రాలేదా?"
>
> వచ్చింది. మూడో బెంచీలో, కిటికీ పక్కనే ఉంది. చెప్పింది కూడా. ఆ మాట ముందు బెంచీ దాకా వెళ్లలేదు.
>
> మేరీ లేచింది. "వచ్చింది సార్. చెప్పింది సార్."
>
> సారు టిక్కు పెట్టుకున్నారు. స్రవంతి తన పుస్తకం అట్ట మూల మడిచింది, మళ్లీ విప్పింది.

ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. సారు తిట్టలేదు, పిల్లలు నవ్వలేదు. ఏడిపించే పిల్లను ఒకదాన్ని తెచ్చిపెడితే కథ ఆమెను ఓడించడం వైపు మళ్లుతుంది, గొంతు సంగతి పక్కకు పోతుంది.

ఒక హద్దు దాటకండి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బడిలో నెలల తరబడి ఒక్కమాటా మాట్లాడకపోవడం, నత్తి, వినికిడి లోపం లాంటివి వేరే విషయాలు. వాటికి పెద్దల సాయం, అవసరమైతే డాక్టరు కావాలి. ఒక్క పందెంతో అవి తీరిపోయినట్టు రాస్తే, ఆ ఇబ్బంది నిజంగా ఉన్న పిల్ల తనలోనే లోపముందనుకుంటుంది. స్రవంతి ఇంట్లోనూ, స్నేహితురాలి చెవి దగ్గరా మాట్లాడుతుంది. పదిమంది ముందు గొంతు పెరగదు, అంతే.

## 4. రెండో సన్నివేశం: జట్టులోకి ఎలా వస్తుంది (130 మాటలు)

జాలిపడి చేర్చుకున్నట్టు రాయకండి. "దానికీ ఒక అవకాశం ఇద్దాం" అని టీచరు అన్న క్షణం కథ టీచరుదైపోతుంది. జట్టుకు అవసరం రావాలి.

మన దగ్గర దానికి చక్కటి కారణం ఉంది. పోటీలు జనవరి 26కు వారం ముందు. సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరెళ్లిన ఒక పిల్ల ఇంకా తిరిగి రాలేదు. నలుగురు ఉండాల్సిన జట్టులో ముగ్గురే మిగిలారు. క్లాసులో పరుగెత్తడానికి అభ్యంతరం చెప్పని పిల్ల ఒక్కతే ఉంది. అభ్యంతరం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు కాబట్టి. ఈ చిన్న మెలిక పిల్లలకు బాగా పడుతుంది.

స్రవంతిని అందరికన్నా వేగంగా పరుగెత్తే పిల్లను చేయకండి. దాచిపెట్టిన ప్రతిభ బయటపడే కథ వేరు. ఆమె మామూలుగా పరుగెత్తుతుంది. రిలేలో అది చాలు. 2016 రియో ఒలింపిక్స్‌లో జపాన్ పురుషుల జట్టు 4×100లో రజతం గెలిచింది. అధికారిక లెక్కల్లో అప్పటికి ఆ నలుగురిలో ఒక్కరూ 100 మీటర్లను 10 సెకన్లలోపు పరుగెత్తినవారు కారు. బ్యాటన్ చేతులు మారే పనిలో వాళ్లు ఆరితేరారు. పీఈటీ సారు చేత ఈ మాట ఒక్క వాక్యంలో చెప్పించవచ్చు. అంతకు మించితే పాఠం అవుతుంది.

## 5. మూడో సన్నివేశం: సాధన (280 మాటలు)

ఎక్కువ మాటలు ఖర్చుపెట్టాల్సింది ఇక్కడ. ధైర్యం ఎలా వచ్చిందో పాఠకురాలు మెట్టుమెట్టుగా చూడాలి. సాధన దాటేసి నేరుగా పందెంలోకి దూకిన కథల్లో ధైర్యం గాల్లోంచి ఊడిపడినట్టుంటుంది.

మైదానంలో బ్యాటన్ మార్పిడి నేర్పే వరసే మీకు మెట్లు కట్టి ఇస్తుంది:

1. నిలబడి. నలుగురూ ఒకరి వెనక ఒకరు చేయి చాచితే అందేంత దూరంలో నిలబడతారు. చివరి పిల్లనుంచి బ్యాటన్ ముందుకు వెళుతుంది. ఇచ్చే ప్రతి పిల్లా "చెయ్యి" అంటుంది.
2. నడుస్తూ. అదే పని, నడకలో.
3. మెల్లగా పరుగెత్తుతూ.
4. ఇద్దరిద్దరుగా, పూర్తి వేగంతో, గీతల మధ్య.

మొదటి మెట్టులో స్రవంతికి కష్టం లేదు. రేష్మ చెవి మూరెడు దూరంలోనే ఉంది. అందరూ అంటున్నారు, తన మాట వాటిలో కలిసిపోతుంది. ఒక్కో మెట్టుకూ దూరం పెరుగుతుంది, మాట చేరడం కష్టమవుతుంది. నాలుగో మెట్టు దగ్గర గొంతు ఆగిపోతుంది.

అక్కడ రెండు పొరపాట్లు చూపండి. రెండూ వేరువేరు రకాలవై ఉండాలి.

మొదటి పొరపాటు: మాట వినబడలేదు.

> రేష్మ చేయి రాలేదు. స్రవంతి ఇంకో రెండడుగులు వేసింది. బ్యాటన్ రేష్మ వీపుకు తగిలేంత దగ్గరికి వచ్చింది. చేయి ఇంకా రాలేదు.
>
> రేష్మ ఆగిపోయింది. "పిలవవేంటే?"
>
> "పిలిచాను."
>
> "ఎప్పుడు?"

రెండో పొరపాటు: మాట వినబడింది, కానీ ఆలస్యంగా. అరుపుకూ బ్యాటన్‌కూ మధ్య ఒకటి రెండడుగుల తేడా ఉండాలి. ముందు మాట, తర్వాత చేయి రావడం, ఆ తర్వాత బ్యాటన్. స్రవంతి ధైర్యం కూడగట్టుకునే లోపు సమయం మించిపోతుంది. మాట, బ్యాటన్ ఒకేసారి చేరతాయి. అప్పుడే వెనక్కి వస్తున్న రేష్మ మణికట్టుకు బ్యాటన్ తగిలి కింద పడుతుంది. పైపు ముక్క నేలమీద ఎగిరిన చప్పుడు రాయండి. అది స్రవంతి చేతిలోంచి జారింది కాబట్టి తీయాల్సింది స్రవంతే. ఈ నియమం ఇక్కడే ఒకసారి చూపితే పందెంలో మళ్లీ వివరించే పని ఉండదు.

ఇప్పుడు దారి చూపించేది తోటి పిల్లయితే మంచిది. సారు రేష్మ వెనక పాదాలు లెక్కపెట్టి సున్నంతో ఒక గుర్తు గీయిస్తారు. ఈ వయసు పిల్లలకు 10 నుంచి 15 పాదాల దూరంతో మొదలుపెట్టి సరిచేసుకోవచ్చు. స్రవంతి ఆ గుర్తు దాటగానే రేష్మ పరుగు మొదలుపెట్టాలి. స్రవంతి అందుకోలేకపోతే గుర్తును రేష్మకు దగ్గరగా జరపాలి. రేష్మను గుద్దుకునేంత దగ్గరికి వచ్చేస్తే దూరంగా జరపాలి. ఇది సారు పని. గొంతు సంగతి మాత్రం రేష్మ చెప్పాలి:

> "ఆరోజు నాలుగు జట్లూ 'చెయ్యి' అనే అరుస్తాయి. ఎవరు అరిచినా నేను చేయి చాస్తే ఎట్లా? నీ గొంతు ఏదో నాకు తెలియాలి."

మైదానంలో ఇది నిజంగా వచ్చే చిక్కే. పక్క జట్టు పిలుపుకు పొరపాటున చేయి చాచేవాళ్లుంటారు. అందుకే చాలా జట్లు తమకంటూ ఒక పిలుపు పెట్టుకుంటాయి. కథకు ఈ చిక్కు ప్రాణం. గట్టిగా అరవడం ఎవరైనా చేస్తారు. ఆమె గొంతే కావాలని ఒకరు అడగడం స్రవంతికి ఇదే మొదటిసారి. ఈ చివరి వాక్యాన్ని కథలో రాయకండి. రేష్మ మాట దగ్గర ఆపండి, చదివే పిల్లకు అది అందుతుంది.

## 6. నాలుగో సన్నివేశం: పందెం (270 మాటలు)

పిల్ల 100 మీటర్లు పరుగెత్తడానికి 18, 20 సెకన్లు పడుతుందనుకోండి. పైకి చదివితే ఆ వ్యవధిలో 30, 40 మాటలు మాత్రమే వస్తాయి. అందువల్ల పరుగును పేరాలకు పేరాలు సాగదీస్తే అది పరుగులా ఉండదు. మాటల్ని ఇలా పంచండి: విజిల్‌నుంచి బ్యాటన్ చేతికొచ్చేదాకా 80, స్రవంతి పరుగుకు 50, బ్యాటన్ మార్పిడికి 140. మూడు నాలుగు సెకన్ల పనికి ఎక్కువ మాటలు ఇవ్వడం తప్పు కాదు. భయపడ్డప్పుడు కాలం నెమ్మదించినట్టే ఉంటుంది.

స్రవంతి కళ్లతోనే చూడండి. "జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు" అనే వాక్యం ఆమెకు తెలిసే అవకాశం లేదు. ఆమెకు తెలిసేది చేతిలో బ్యాటన్ జారుడు, ఎడమపక్క సున్నపు గీత, ముందు రేష్మ జడ.

> బ్యాటన్ చేతికొచ్చింది. చెమటతో జారుడుగా ఉంది. స్రవంతి గట్టిగా పట్టుకుంది.
>
> వంపు. గీత తొక్కకూడదు. గీత తొక్కకూడదు.
>
> వంపు దాటగానే రేష్మ కనబడింది. ఇటే చూస్తోంది. స్రవంతి గుర్తు దాటింది. రేష్మ అటు తిరిగి పరుగందుకుంది. ఇక వెనక్కి చూడదు.
>
> పక్క వరసలో ఎవరో అరిచారు. "చెయ్యి!"
>
> రేష్మ భుజం కదిలింది. చేయి మాత్రం రాలేదు. అది స్రవంతి గొంతు కాదు.
>
> దూరం తగ్గుతోంది. నాలుగడుగులు. గొంతు పట్టేసింది. మూడు.
>
> "రేష్మా! చెయ్యి!"
>
> చేయి వెనక్కి వచ్చింది. అరచేయి కిందికి తిరిగి ఉంది, బొటనవేలు విడిగా ఉంది. స్రవంతి బ్యాటన్‌ను కిందినుంచి ఆ సందులోకి నెట్టింది. రేష్మ వేళ్లు మూసుకున్నాయి. అప్పుడు వదిలింది.

ఇందులో "అది స్రవంతి గొంతు కాదు" అన్న వాక్యం కోసమే ముందు రేష్మ మాట నాటుకున్నాం. ఆ మాట సాధనలో లేకపోతే ఇక్కడ రేష్మ చేయి ఎందుకు చాచలేదో అర్థం కాదు. పిలుపులో పేరు కలిపింది స్రవంతే. ఎవరూ నేర్పలేదు. ఆమె సొంతంగా చేసిన పని కథలో ఇదొక్కటైనా ఉండాలి.

బ్యాటన్ అందుకునే తీరు రెండు రకాలు. అరచేయి కిందికి తిప్పి ఉంచితే బ్యాటన్ కిందినుంచి వస్తుంది. అరచేయి పైకి ఉంటే బ్యాటన్ పైనుంచి వచ్చి చేతిలో పడుతుంది. ఏదైనా సరే, సాధనలో ఒకటి, పందెంలో ఇంకొకటి రాయకండి.

## 7. ఐదో సన్నివేశం: ముగింపు (100 మాటలు)

మీరు గీసుకున్న బొమ్మ ఒకసారి చూడండి. స్రవంతి ఇప్పుడు 'ఆ' దగ్గర ఉంది, ముగింపు గీత 'అ' దగ్గర. మైదానం మధ్యలో జనం. ఎవరు ముందు దాటారో ఆమెకు కనబడదు. ఈ వీలు వదులుకోకండి. పందెం ఫలితం తెలియకముందే ఆమె చేయాల్సింది చేసేసింది. తన పరుగు అయ్యాక 'అ' వైపు వెళ్లిన మేరీ తిరిగి వచ్చి ఫలితం చెబుతుంది: రెండో స్థానం.

మొదటి స్థానం ఇవ్వవద్దు. గెలిస్తే, గెలిచింది కాబట్టి ధైర్యం వచ్చిందని పిల్లలు లెక్కవేసుకుంటారు. ఆఖరి స్థానం ఇచ్చినా కథ ఓదార్పు వైపు పోతుంది. రెండో మూడో స్థానం పిల్లలు పట్టించుకోరు, అరుపే గుర్తుంటుంది.

తర్వాతి రోజు హాజరు దగ్గర ముగించండి. మొదటి సన్నివేశంలో జరిగిన నష్టం ఇక్కడ తీరాలి, కానీ చిన్నగా:

> "స్రవంతీ."
>
> "ప్రెజెంట్ సార్."
>
> సారు తలెత్తలేదు. టిక్కు పెట్టుకుని తర్వాతి పేరు పిలిచారు.

సారు ఆశ్చర్యపోకూడదు, మెచ్చుకోకూడదు. తలెత్తకపోవడమే ఇక్కడ జరిగిన సంగతి. స్రవంతి ఆ వారమే వేదికెక్కి ఉపన్యాసం ఇచ్చిందని, క్లాసు లీడరైందని కలపకండి. ఒక్క వారంలో మారగలిగింది ఇంతే, ఇది చాలు.

## 8. భాష: మూడు జాగ్రత్తలు

వాక్యం పొడవు. తెలుగులో "లేచి, బ్యాగు తీసుకుని, బయటికి వెళ్లి, మైదానం చేరి" అంటూ ఒకే వాక్యాన్ని ఎంతదూరమైనా లాగవచ్చు. ఎనిమిదేళ్ల పిల్ల చివరికి వచ్చేసరికి ఎవరు లేచారో మరిచిపోతుంది. ఇలాంటి క్రియలు వాక్యానికి రెండు దాటకుండా చూడండి. పందెం సన్నివేశంలో ఒకటి కూడా ఎక్కువే.

మాండలికం. పిల్లల మాటలు ఏదో ఒక ఊరివై ఉండాలి. కోస్తా ఊరైతే "పిలవవేంటే?" అంటుంది. తెలంగాణ ఊరైతే "ఏందే, పిలుస్తలేవు?" అంటుంది. ఏది ఎంచుకున్నా చివరిదాకా అదే ఉంచండి. రేష్మ ఒక సన్నివేశంలో ఒకలా, ఇంకో సన్నివేశంలో ఇంకోలా మాట్లాడితే పిల్లలు వెంటనే పట్టేస్తారు.

నిషిద్ధ పదాలు. ఆత్మవిశ్వాసం, పట్టుదల, సంకల్పం, స్ఫూర్తి. కథ రాయడం పూర్తయ్యాక ఈ నాలుగూ వెతికి తీసేయండి. తీసేస్తే అర్థం పోతోందంటే అక్కడ సన్నివేశం బలహీనంగా ఉంది. మాటను తిరిగి పెట్టకండి, సన్నివేశాన్ని మళ్లీ రాయండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

పందెంలో బ్యాటన్ పడిపోయింది, స్రవంతి ఏడ్చింది, రేష్మ తీసుకుంది. నియమం ప్రకారం జారవిడిచినవాళ్లే తీయాలి. పైగా సాధనలో ఒకసారి పడింది కాబట్టి పందెంలో మళ్లీ పడటం కొత్త సంగతి కాదు. సవరణ: పందెంలో పడనివ్వకండి. పడుతుందేమో అన్న భయం చాలు.

పీఈటీ సారు పందెం ముందు పెద్ద ప్రసంగం చేశారు. కథలో పిల్లలకు పెద్దల మాటలు అడ్డం పడతాయి. సవరణ: సారు మాటలు కొలతలకే పరిమితం చేయండి. "రెండు పాదాలు ముందుకి జరుపు" లాంటివి. పట్టించుకునే మాస్టారు నిజంగా అలాగే మాట్లాడతారు.

స్రవంతి అరుపుకు కారణం కోపమైంది. రేష్మ విసుక్కోవడం వల్ల రోషం వచ్చి అరిచినట్టు రాస్తుంటారు. అప్పుడు కథ రోషం గురించి అవుతుంది. సవరణ: రేష్మను విసుక్కోనివ్వండి, కానీ విసుగులోంచి అవసరం కనబడాలి. "నీ గొంతు ఏదో నాకు తెలియాలి" అన్నది అలాంటి మాట.

అమ్మానాన్నలు పందెం చూడటానికి వచ్చారు. వాళ్లు వస్తే కథ కళ్లు వాళ్ల మీదికి పోతాయి. 900 మాటల్లో వాళ్లకు చోటు లేదు. తీసేయండి.

నలుగురు పిల్లలకూ పరిచయం రాశారు. మేరీ చెప్పిపెడుతుంది, రేష్మ వేగంగా పరుగెత్తుతుంది. పావనికి పేరుంటే చాలు.

## 10. పంపే ముందు సరిచూసుకోండి

ముందు మీరే ఈ పట్టీ చూసుకోండి:

- స్రవంతి మూడో స్థానంలోనే ఉందా? అందుకున్నది, ఇచ్చింది రెండూ కుడిచేత్తోనేనా?
- రేష్మ పరుగు మొదలుపెట్టాక వెనక్కి చూసిందా? చూస్తే తీసేయండి.
- బ్యాటన్ గీతల మధ్యే మారిందా?
- అరుపుకూ బ్యాటన్‌కూ మధ్య చేయి వచ్చే వ్యవధి ఉందా?
- పందెం అయ్యాక స్రవంతి ముగింపు గీతకు ఎదుటివైపే ఉందా?
- రేష్మ చెప్పిన మాట సాధనలో ఉందా?
- మొదటి హాజరులో, చివరి హాజరులో సారు చేసిన పని తేడాగా ఉందా?

తర్వాత ఇద్దరు ముగ్గురు పిల్లలకు పైకి చదివి వినిపించండి. "కథ నచ్చిందా?" అని అడగకండి, నచ్చిందనే అంటారు. మూడు ప్రశ్నలు వేయండి: రేష్మ మొదటిసారి చేయి ఎందుకు చాచలేదు? పక్క జట్టు అరిచినప్పుడు ఎందుకు చాచలేదు? చివర్లో సారు ఎందుకు తలెత్తలేదు?

మొదటి ప్రశ్నకు జవాబు రాకపోతే వెనక్కి చూడకూడదన్న నియమం కథలో స్పష్టంగా లేదు. సాధనలో నడుస్తూ అందించేచోట ఒక వాక్యం చేర్చండి. రెండోదానికి రాకపోతే రేష్మ మాటకూ పందేనికీ మధ్య దూరం ఎక్కువైంది, మధ్యలోవి కుదించండి. మూడోదానికి రాకపోతే మొదటి హాజరు సన్నివేశంలో సారు తలెత్తి అడగడం సరిగా నాటుకోలేదు. అక్కడ "తలెత్తారు" అన్న మాట విడిగా నిలబడేలా రాయండి. చివరి సన్నివేశానికి వివరణ మాత్రం చేర్చకండి.